ముప్పై నిమిషాలా, పదిహేను సెకన్లా?

పాలను 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచినా, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచినా పాశ్చరైజేషన్ జరిగినట్టే లెక్క. మొదటి పద్ధతిలో వేడి తక్కువ, సమయం ఎక్కువ. దీన్ని ఎల్‌టీఎల్‌టీ అంటారు. రెండోదానిలో వేడి ఎక్కువ, సమయం తక్కువ. అది హెచ్‌టీఎస్‌టీ. డెయిరీ టెక్నాలజీ ప్రశ్నపత్రాల్లో ఈ రెండింటి మీద లెక్క రాని సంవత్సరం అరుదు. అంకెలు బట్టీపట్టిన విద్యార్థి సగం మార్కుల దగ్గరే ఆగిపోతాడు. ఆ అంకెలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో తెలిసినవాడికే మిగతా సగం దక్కుతాయి.

30 నిమిషాలంటే 1800 సెకన్లు. 1800ను 15తో భాగిస్తే 120 వస్తుంది. అంటే వేడి 9 డిగ్రీలు పెరిగేసరికి కావలసిన సమయం 120వ వంతుకు పడిపోయింది. సూక్ష్మజీవుల చావు ఉష్ణోగ్రతతో పాటు నిదానంగా కాక, రెట్టింపుల మీద రెట్టింపులుగా పెరుగుతుంది. ఎన్ని డిగ్రీలు పెంచితే సమయం పదో వంతుకు తగ్గుతుందో చెప్పే అంకెను z విలువ అంటారు. పై రెండు ప్రమాణాల నుంచే దాన్ని రాబట్టవచ్చు.

```
z = (72 − 63) / log(1800/15)
  = 9 / 2.079
  = 4.33 °C
```

ఈ అంకె చేతికొస్తే చాలా ప్రశ్నలు ఒకే దారిన పడతాయి. ఉదాహరణకు, హోల్డింగ్ ట్యూబులో పాలు 72కు బదులు 70 డిగ్రీల దగ్గరే ఉంటే, అదే ఫలితం కోసం ఎంతసేపు ఆపాలి?

```
t = 15 × 10^(2/4.33) = 43.5 s
```

తగ్గింది రెండు డిగ్రీలే. సమయం మాత్రం దాదాపు మూడు రెట్లయింది. ఒక్క డిగ్రీ తగ్గినా 25 సెకన్లు దాటుతుంది. అటువైపు 75 డిగ్రీలకు పెంచితే 3 సెకన్లు సరిపోతాయని ఇదే లెక్క చెబుతుంది. చట్టం మాత్రం ఆ లెక్కను నమ్ముకుని సమయాన్ని 3 సెకన్లకు కుదించనివ్వదు. ప్లాంటులో ఉష్ణోగ్రతను అంత పట్టుగా కాపలా కాయడం ఎందుకో ఈ మూడు జవాబుల్లోనే కనబడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాఠ్యపుస్తకాలు ఎక్కువగా 72 అంటాయి, భారతదేశపు ఆహార ప్రమాణాల నిర్వచనంలో 71.5 ఉంటుంది, అమెరికా ప్రమాణం 161 డిగ్రీల ఫారెన్‌హీట్ సెల్సియస్‌లో 71.7 అవుతుంది. 71.5తో లెక్క కడితే z 4.09కి దిగుతుంది. కాబట్టి ప్రశ్నలో ఏ అంకె ఇచ్చారో దాన్నే వాడాలి. అసలు ఈ రెండు ప్రమాణాలు అచ్చంగా ఒకే గీత మీద కూర్చునేవి కావు. రెండూ కనీస హద్దులు, అనుభవంతో స్థిరపడినవి. మొదట్లో క్షయ క్రిమిని దృష్టిలో పెట్టుకుని అమెరికాలో 61.7 డిగ్రీలు, 30 నిమిషాలు సరిపోతాయనుకున్నారు. క్యూ జ్వరం కలిగించే కాక్సియెల్లా బర్నెటీ అంతకన్నా మొండిదని తేలాక, 1956లో దాన్ని 62.8కి పెంచారు. ఒక్క డిగ్రీ పెంపు చిన్నదిగా కనిపించినా, పై z ప్రకారం చంపే వేగం దాదాపు 1.8 రెట్లు పెరిగినట్టు.

రెండో రకం ప్రశ్న హోల్డింగ్ ట్యూబు పొడవు. గంటకు 5000 లీటర్ల ప్లాంటు, ట్యూబు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, ఆపవలసిన సమయం 15 సెకన్లు అనుకుందాం. 15 సెకన్లలో ట్యూబులోకి వచ్చే పాలు 5000 × 15 / 3600, అంటే 20.8 లీటర్లు. 50 మిల్లీమీటర్ల ట్యూబులో మీటరు పొడవుకు 1.96 లీటర్లు పడతాయి కాబట్టి 10.6 మీటర్లు చాలని చాలామంది జవాబు రాసేస్తారు.

అది సగటు పాలకు సరిపోయే పొడవు. ట్యూబు గోడ పక్కన పాలు నెమ్మదిగా, మధ్యలో వేగంగా ప్రవహిస్తాయి. నియమం అడిగేది ప్రతి కణమూ 15 సెకన్లు ఆగాలని. మధ్యలో దూసుకెళ్లే పాలే ఇక్కడ తీర్పరి. ప్రవాహం లామినార్ అయితే మధ్య వేగం సగటుకు రెండింతలు. మన ఉదాహరణలో వేగం సెకనుకు 0.7 మీటర్లు, రెనాల్డ్స్ సంఖ్య పది వేలకు ఎంతో పైన ఉంటుంది కాబట్టి ప్రవాహం టర్బులెంట్, తేడా అంతగా ఉండదు. ఇలాంటి చోట సామర్థ్య గుణకాన్ని సాధారణంగా 0.85గా తీసుకుంటారు.

```
V = 20.83 / 0.85 = 24.5 L
L = 24.5 / 1.96 = 12.5 m
```

రెండు మీటర్ల ట్యూబు తేడా. ప్రశ్నలో గుణకం ఇచ్చి ఉంటే, పరీక్షకుడు చూసేది దాన్ని భాగహారంలో వాడారా, గుణకారంలో వాడారా అనే. గుణిస్తే పొడవు తగ్గిపోతుంది. అలా తగ్గిన జవాబు వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఎల్‌టీఎల్‌టీలో ఈ తలనొప్పి లేదు. పాలు ట్యూబులో ప్రవహించకుండా ఒకే వ్యాట్‌లో ఉంటాయి. అక్కడ తలెత్తే చిక్కు వేరు. పైన తేలే నురగ, పాల కన్నా చల్లగా ఉండి, లోపలి క్రిములకు దాక్కునే చోటిస్తుంది. అందుకే పాల పైనున్న గాలిని కూడా కనీస ఉష్ణోగ్రత కన్నా కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంచుతారు. పాలు 63కు చేరడానికి పట్టే సమయాన్ని 30 నిమిషాల్లో కలపకూడదు. లెక్కలో కూడా ఇదే ఉచ్చు.

పెద్ద డెయిరీలు హెచ్‌టీఎస్‌టీకి మొగ్గడానికి సమయం కన్నా రీజెనరేషన్ పెద్ద కారణం. బయటికి వెళ్లే వేడి పాలు, లోపలికి వచ్చే చల్లని పాలకు పలచని ప్లేట్ల మీదుగా వేడిని ఇస్తాయి. 4 డిగ్రీల పాలను 72కు తీసుకెళ్లాలంటే 68 డిగ్రీలు పెంచాలి. రీజెనరేషన్ 90 శాతమైతే అందులో 61.2 డిగ్రీలు ఊరికే వస్తాయి. పాలు 65.2 దగ్గర హీటింగ్ సెక్షన్‌లోకి వెళ్తాయి, వేడినీరు పెంచవలసింది 6.8 డిగ్రీలే. గంటకు 5000 లీటర్లకు ఆ వేడి దాదాపు 38 కిలోవాట్లు. రీజెనరేషన్ లేకపోతే 382. అటు వెళ్లే పాలు కూడా 72 నుంచి 10.8కి చల్లబడి, చిల్డ్ వాటర్ భారం తగ్గుతుంది. బ్యాచ్ పద్ధతిలో ఈ ఆదా కుదరదు కాబట్టే అది తక్కువ పాలు, రకరకాల సరుకు చేసే చిన్న యూనిట్లకు పరిమితమైంది.

రెండు పద్ధతులకూ పరీక్ష ఒకటే, ఫాస్ఫటేజ్. పాలలో సహజంగా ఉండే ఈ ఎంజైము రోగక్రిముల కన్నా కాస్త ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. అది నశించిందంటే క్రిములూ నశించాయన్నమాట. పాజిటివ్ వస్తే మొదట అనుమానించేది ఉష్ణోగ్రతనే. కానీ రికార్డరు 72 చూపిస్తూ, సమయం సరిగ్గా ఉండి కూడా పాజిటివ్ వస్తే, రీజెనరేటర్ ప్లేట్లలో చిల్లు కోసం వెతకాలి. అక్కడ పచ్చిపాలు కాచిన పాలలో కలుస్తాయి. అలా కలవకుండా కాచిన పాల వైపు పీడనాన్ని పచ్చిపాల వైపు కన్నా ఎప్పుడూ ఎక్కువగా ఉంచుతారు. చిల్లు పడినా, కాచిన పాలే పచ్చిపాలలోకి కారుతాయి.