వెయ్యికి యాభై, ఆపైన అడగాలి

పెళ్ళిళ్ళ సీజన్‌లో సాయంత్రం ఆరు దాటాక ఏ బట్టల దుకాణంలోనైనా కాసేపు కూర్చోండి. "ఉండండమ్మా, ఓనర్ గారిని అడిగొస్తా" అన్న మాట నాలుగు వైపుల నుంచీ వినిపిస్తుంది. ఓనర్ గారేమో ఒక చేత్తో చిల్లర లెక్కపెడుతూ, చెవికి ఫోను ఆనించుకుని, రెండో చేత్తో అక్కణ్ణుంచే ఏదో సైగ చేస్తారు. అది వంద తగ్గించమనా, రెండొందలు తగ్గించమనా అన్నది సేల్స్‌మన్‌కు పూర్తిగా తెలియదు. అతను తేల్చుకునేలోగా చీర చూస్తున్నావిడ "పక్క షాపులో కూడా చూసొస్తాం" అని లేస్తుంది.

ఈ చిక్కుకు విరుగుడు అరకాగితం మీద పట్టే ఒక నోటు. తనను అడక్కుండా ఎవరు ఎంతవరకు తగ్గించవచ్చో యజమాని రాసి, గల్లాపెట్టె లోపలి వైపు అంటిస్తారు. కొనేవాళ్ళ కంటికి అది కనపడదు. చూడ్డానికి చాలా చిన్న పని. కానీ అందులో రాసే అంకె ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు విషయం.

పాత దుకాణాల్లో ఈ పని ట్యాగ్ మీది అక్షరాలు చేసేవి. ఒక్క అక్షరం కూడా మళ్ళీ రాని పది అక్షరాల మాటను ఎంచుకుని, ఒక్కో అక్షరాన్ని ఒక్కో అంకెగా పెట్టుకుని, కొన్న ధరను ఆ గుర్తుల్లో ట్యాగ్ మూల మీద రాసేవారు. నమ్మకమైన గుమస్తాకు ఆ మాట తెలిసేది. కొన్న ధర ఎంతో చూసుకుని దానికి పైన బేరం తెంపేవాడు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఈ పద్ధతి ఉంది. బార్‌కోడ్ వచ్చాక చాలా షాపుల్లో గుమస్తాకు కొన్న ధర తెలిసే దారి మూసుకుపోయింది. నిజానికి తెలిసినా అది సగం నిజమే. కొన్న ధరకు పైన వచ్చిందంతా లాభమేనని గుమస్తా అనుకుంటాడు. అద్దె, కరెంటు, అప్పు మీద వడ్డీ, చివరికి అతని జీతం కూడా ఆ పైన వచ్చిందాంట్లోంచే పోవాలని ట్యాగ్ చెప్పదు.

ఒక చీరను తీసుకుని లెక్క చూద్దాం. ట్యాగ్ మీద 1,050 రూపాయలు ఉంది. చీరల మీద జీఎస్టీ 5 శాతం కాబట్టి అందులో 50 ప్రభుత్వానిది. దుకాణానికి మిగిలేది 1,000. చీర కొన్నది 680కి అనుకుందాం. ఇక చేతిలో ఉన్నది 320. ఈ దుకాణంలో ప్రతి వెయ్యి రూపాయల అమ్మకానికి అద్దె, జీతాలు, కరెంటు, వడ్డీ కలిపి 200 ఖర్చవుతుందని యజమాని ఏడాది లెక్కల్లోంచి తేల్చుకున్నాడనుకుందాం. చివరికి మిగిలేది 120.

ఇప్పుడు సేల్స్‌మన్ పది శాతం తగ్గించాడు. చీర 945కి పోయింది. జీఎస్టీ తీస్తే 900, కొన్న ధర తీస్తే 220, ఖర్చులు తీస్తే 20. పది శాతమే కదా తగ్గించామని అతను అనుకుంటాడు. యజమానికి మాత్రం ఆరు వంతుల లాభంలో ఐదు వంతులు పోయాయి. పన్నెండు శాతం తగ్గిస్తే మిగిలేది సున్నా. కాబట్టి ఈ దుకాణంలో నోటు రాయాల్సింది ఆ పన్నెండును చూసుకుని, దానికి బాగా ఇవతల ఆగేలా. అయిదు శాతం దగ్గర ఆగితే చీరకు 70 మిగులుతుంది. ఎనిమిది దగ్గర ఆగితే 40. చాలామంది ఈ లెక్క వేయకుండా "పక్కవాళ్ళు పది ఇస్తున్నారు" అని పది రాసేస్తారు. పక్కవాళ్ళ షాపు సొంత భవనంలో ఉండొచ్చు. అప్పుడు వాళ్ళ సున్నా ఇంకెక్కడో ఉంటుంది.

ఈ లెక్క ప్రకారం ఆ యజమాని రాసే నోటు ఇలా ఉంటుంది:

"చీరలు, డ్రెస్ మెటీరియల్ మీద సేల్స్‌లో ఉన్నవాళ్ళు ట్యాగ్ ధరలో వెయ్యికి 50 రూపాయల వరకు నన్ను అడక్కుండా తగ్గించవచ్చు. కౌంటర్‌లో ఉన్నవారు వెయ్యికి 80 వరకు తగ్గించవచ్చు. సేల్స్‌వాళ్ళు ఇచ్చిన 50 కూడా ఈ 80లోదే. కంపెనీ షర్టులు, ప్యాంట్లు, స్కూల్ యూనిఫాంలు, ఆఫర్ స్టిక్కర్ ఉన్న సరుకు మీద తగ్గింపు లేదు. జాకెట్ ముక్క ఊరికే ఇస్తే దాని ధర కూడా తగ్గింపులో లెక్క. చిల్లర వదిలేయడం పది రూపాయల లోపే. తగ్గించింది డబ్బు తీసుకోకముందే బిల్లులో పడాలి. మీ ఇంటివాళ్ళ బిల్లు అయితే ఎంతయినా సరే నన్ను అడగండి. 80 దాటి అడిగితే ఫోన్ చేయండి. నేను ఎత్తకపోతే 80 దగ్గరే ఆగండి. బోణీకి కూడా ఇదే. ఈ నోటు జూన్ నెలాఖరు వరకు."

శాతాలు రాయకుండా వెయ్యికి ఇంత అని రాయడంలో తెలివి ఉంది. ముందు నలుగురు ఆడవాళ్ళు కూర్చుని తలో చీర లాగుతుంటే 3,650లో అయిదు శాతం ఎంతో ఎవరూ నోటిలెక్క వేయలేరు. మూడు వేలకు నూటయాభై, ఆపైన ఆరొందల యాభైకి ఓ ముప్పై అని ఎవరైనా చెప్పగలరు. బోణీ మాట కూడా అవసరమే. పొద్దున్నే వచ్చిన మొదటి బేరం పోతే రోజంతా బాగుండదన్న భయంతో గుమస్తాలు అప్పుడే ఎక్కువ తగ్గించేస్తారు.

ఇక ఈ నోటు పెళ్ళివారి బిల్లు దగ్గర ఎలా నడుస్తుందో చూడాలి. ట్యాగుల ప్రకారం మొత్తం 24,000 అయింది. అందులో పెట్టుబడి చీరలు ఆరు 6,300, పట్టు చీరలు రెండు 13,000, పెళ్ళికొడుకు అన్నదమ్ములకు కంపెనీ షర్టులు, ప్యాంట్లు 4,700. పెద్దావిడ "రెండు వేలు తగ్గించు బాబూ, ఇంతమందిమి వచ్చాం" అంటుంది. సేల్స్‌మన్ మామూలుగా చేసే పొరపాటు 24,000 మీద లెక్కవేసి 1,200 ఒప్పుకోవడం. నోటు ప్రకారం షర్టులు, ప్యాంట్లు తీసేసి 19,300 మీదే చూడాలి. అతని హద్దు 965. ఆవిడ ఒప్పుకోదు. బిల్లు కౌంటర్‌కు వెళ్తుంది. కౌంటర్‌లో ఉన్నాయన హద్దు 1,544. అక్కడికి 22,456 అవుతుంది.

దుకాణం జారేది సరిగ్గా ఇక్కడే. "ఆ నాలుగొందల యాభై ఏం చూస్తావయ్యా, ఇరవై రెండు వేలు తీసుకో" అంటారు. చిల్లర సర్దుబాటులాగా వినిపించే ఆ 456 కలిస్తే తగ్గింపు సరిగ్గా రెండు వేలు, అంటే పెద్దావిడ మొదట అడిగిందే. చీరలన్నిటికీ పైన చెప్పిన మార్జినే అనుకుంటే, 1,544 దగ్గర ఆగితే ఈ చీరల మీద దుకాణానికి సుమారు 735 రూపాయలు మిగులుతాయి. రెండు వేలు వదిలితే సుమారు 300. నోటులో చిల్లర పది రూపాయల లోపే అని ఎందుకు ఉందో ఇక్కడ తెలుస్తుంది. కౌంటర్ ఆయన ఆరు రూపాయలు వదిలి 22,450 అనవచ్చు. అంతకు మించితే ఫోన్ చేయాలి.

ఫోన్‌లో యజమాని సరే అనవచ్చు కూడా. అందులో తప్పేమీ లేదు. అద్దె, జీతాలు ఆ రోజు ఎలాగూ అయిపోయేవే. కొన్న ధరకు పైన ఎంత వచ్చినా ఆ పూటకు కలిసొచ్చేదే. ఆ కుటుంబంలో ఇంకో పెళ్ళి ఉందని ఆయనకు తెలిసి ఉండొచ్చు. కానీ ఈ లెక్క ఒక్కో బిల్లుకే చెల్లుతుంది. ప్రతి బిల్లుకూ ఇదే వాదన పెడితే ఏడాది చివర అద్దెకు డబ్బుండదు. అందుకే ఆ వెసులుబాటును ఆయన తన దగ్గరే పెట్టుకున్నాడు.

తగ్గింపు బిల్లులో ముందే పడాలన్న మాటకు రెండు కారణాలున్నాయి. ఒకటి పన్ను. అమ్మేటప్పుడే బిల్లులో చూపించిన తగ్గింపును తీసేసి, మిగిలిన దాని మీదే జీఎస్టీ వేసుకోవచ్చని చట్టం చెబుతోంది. పూర్తి ధరకు బిల్లు కొట్టి, తర్వాత చేతిలో వంద వెనక్కి పెడితే ఆ వందకు కూడా పన్ను కట్టాల్సి వస్తుంది. రెండో కారణం పైకి అనరు గానీ యజమానులందరికీ తెలుసు. కొనేవారు పూర్తి డబ్బు ఇచ్చి, బిల్లు చూసుకోకుండా వెళ్ళిపోయాక, కౌంటర్‌లో ఉన్నతను ఆ బిల్లును మళ్ళీ తెరిచి హద్దు దాకా తగ్గింపు రాసి, తేడా జేబులో వేసుకోవచ్చు. కంప్యూటర్‌లో ఒక్కొక్కరికీ ఒక లాగిన్ ఇచ్చి, ఒకసారి ప్రింటయిన బిల్లును యజమాని పాస్‌వర్డ్ లేకుండా మార్చనీయకపోతే ఈ సందు మూసుకుంటుంది. చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో మనిషికి ఇంత తగ్గింపు అని హద్దు కూడా పెట్టుకోవచ్చు. అలాగని కాగితం అక్కర్లేకుండా పోదు. కంప్యూటర్ కౌంటర్ దగ్గర ఆపుతుంది, సేల్స్‌మన్ మాట మాత్రం అంతకు ముందే ఇచ్చేసి ఉంటాడు. ఒప్పుకున్న మాట కౌంటర్‌లో తప్పితే పోయేది షాపు పరువు.

నోటు సరిగ్గా పనిచేస్తోందో లేదో నెలకోసారి బిల్లుల జాబితా తీస్తే తెలిసిపోతుంది. మొత్తం తగ్గింపు ఎంతని కాదు, మనిషివారీగా చూడాలి. ఒక సేల్స్‌మన్ బిల్లులు కొన్ని సున్నా, కొన్ని రెండు, కొన్ని అయిదు శాతం ఉంటే అతను బేరం ఆడుతున్నట్టు. అన్నీ అయిదు దగ్గరే ఉంటే, కొనేవారు అడక్కముందే అతనే చెప్పేస్తున్నట్టు. అతని వరకు ట్యాగ్ ధర 1,050 కాదు, 997 రూపాయల 50 పైసలు. ఇంకొకటి కూడా చూడాలి. ఎవరి బిల్లులూ అయిదుకు రాకుండా, యజమానికి ఫోన్లు మాత్రం తగ్గకపోతే సిబ్బందికి నోటు మీద నమ్మకం కుదరలేదని. ఎప్పుడో ఒకసారి నోటు ప్రకారమే తగ్గించినవాణ్ణి యజమాని నలుగురిలో తిట్టి ఉంటాడు. ఆ తర్వాత ఎవరూ సొంతంగా పది రూపాయలు కూడా తగ్గించరు.

జూన్ నెలాఖరు అని తేదీ పెట్టడం ఆషాఢం కోసం. ఆ నెలలో షాపు ముందు ఇరవై శాతం తగ్గింపు అని బోర్డు కడతారు. పాత నోటు అలాగే ఉంటే గుమస్తా ఆ ఇరవై మీద తన వెయ్యికి యాభై కూడా కలిపేస్తాడు. 1,050 చీర బోర్డు ప్రకారం 840, అతని చేతి మీదుగా 798. జీఎస్టీ, కొన్న ధర తీస్తే మిగిలేది 80 రూపాయలు. ఖర్చులకు కావాల్సింది 200. అందుకని బోర్డు కట్టే రోజు పొద్దున్నే పాత నోటు చింపేసి, "బోర్డు ధరే ఆఖరు ధర, ఎవరూ తగ్గించకూడదు" అని ఒక్క వాక్యం రాసి అంటిస్తారు.