మీకు తెలుసా? కణకేంద్రకానికి నీలిరంగు తేల్చేది కుళాయి నీరే!

నాగాయలంక చెరువుల్లో పెరిగే వనామి రొయ్య కణజాలానికి పరీక్ష కోసం రంగు వేసినప్పుడు, కణకేంద్రకాలు హెమటాక్సిలిన్‌లో మొదట ఎరుపు కలిసిన ఊదారంగుకే మారతాయి. స్వల్ప క్షారగుణమున్న కుళాయి నీటిలో కడిగాకే నీలం తేలుతుంది.

మైనంలో పొదిగి సుమారు 5 మైక్రాన్ల మందాన కోసిన పొర నుంచి జైలీన్‌తో మైనాన్ని తొలగించి, ఆల్కహాలు మీదుగా నీటికి తెచ్చి, హెమటాక్సిలిన్‌లో ఉంచి, కడిగిన తరువాత ఇయోసిన్ పట్టిస్తారు. హెమటాక్సిలిన్ ఆక్సీకరణంతో హెమటీన్‌గా మారి, అల్యూమినియంతో కలిసి ధనావేశం పొందుతుంది గనుక కేంద్రకంలోని డీఎన్ఏ ఫాస్ఫేట్ల ఋణావేశానికి అంటుకుంటుంది. ఋణావేశమున్న ఇయోసిన్ కణద్రవ్యంలోని ప్రోటీన్ల ధనావేశాన్ని పట్టుకొని గులాబీరంగునిస్తుంది.

ఇలా రంగు వేసి చూస్తే, తెల్లమచ్చ వైరస్ సోకిన రొయ్యలో ఉబ్బిన కేంద్రకం నడుమ తొలుత గులాబీ ముద్ద కనిపించి, వ్యాధి ముదిరేకొద్దీ అది కేంద్రకమంతా నిండి నీలంగా మారుతుంది.