నల్లతుమ్మకు పసుపు పూలెందుకు?

చెరువుగట్టున నల్లతుమ్మ పూసినప్పుడు చూస్తే చెట్టు నిండా పసుపు రంగు బంతులు. నూగు నూగుగా, గుండ్రంగా, శనగగింజ కంటే కాస్త పెద్దవి. ఆకు పచ్చన, ముల్లు తెల్లన, గింజ గింజకూ నడుమ నొక్కుకుపోయిన కాయ మీద బూడిద రంగు నూగు. ఇందులో నలుపన్నదే కనిపించదు. కనిపించాలంటే చూపు కొమ్మల మీంచి మానుకు దిగాలి. ముదిరిన చెట్టు బెరడు నల్లగా, నిలువునా నెర్రెలు విచ్చి ఉంటుంది. పేరు అక్కడ పుట్టింది.

పక్కనే తెల్లతుమ్మ ఉంటే అనుమానం పూర్తిగా తీరుతుంది. దాని బెరడు పాలిపోయిన తెలుపు, పసుపు కలిసిన రంగులో ఉంటుంది. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన ‘ల్యూకోఫ్లోయియా’ అనే గ్రీకు పేరుకు అర్థం కూడా తెల్ల బెరడనే. రెండు చెట్లకూ ముళ్లున్నాయి, రెండూ గుండ్రటి నూగు పూలే పూస్తాయి. నాగలికీ బండిచక్రానికీ కర్ర వెతుక్కునేవాడికి, వంటచెరకు కొట్టేవాడికి పూలతో పని లేదు. ఏడాది పొడవునా కళ్లెదుట ఉండేది మాను. అందుకే తెలుగులో మానుల పేర్లకు ముందు నల్ల, తెల్ల అన్న మాట కనిపిస్తే మొదట బెరడునే పట్టి చూడాలి.

మద్ది చెట్లలోనూ ఇదే తీరు. నల్లమద్ది బెరడు ముదురు రంగులో, లోతైన పగుళ్లతో పలకలు పలకలుగా చీలి మొసలి వీపులా ఉంటుంది. తెల్లమద్ది మాను నున్నన. పైపొర రేకులు రేకులుగా ఊడిపోతుంటే లోపల లేత బూడిదో, గులాబీ ఛాయో కలిసిన తెలుపు బయటపడుతుంది. అడవిలో దారి చూపే మనిషికి ఆకు కోసి చూడనక్కర్లేదు, దూరం నుంచే ఏది ఏదో చెబుతాడు. తెల్లమద్దికే ఏరుమద్ది అని ఇంకో పేరుంది. ఏటి ఒడ్డున, వాగుల వెంట పెరుగుతుంది కనుక ఆ పేరు. సంస్కృతంలో దీన్ని అర్జున వృక్షమన్నారు. అర్జున శబ్దానికి తెలుపు, ప్రకాశం అనే అర్థాలున్నాయి. పాండవ మధ్యముడి సంగతి ఎలా ఉన్నా, చెట్టు విషయంలో ఆయుర్వేద వైద్యుడూ తెలుగు కట్టెలవాడూ చూసింది ఒకే బెరడును.

పెరట్లోకి వస్తే లెక్క మారిపోతుంది. పూల కోసం పెంచుకునే మొక్కకు రంగు పేరు పువ్వును బట్టే వస్తుంది. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరు అంటే వివరించే పనే లేదు. పచ్చగన్నేరు దగ్గర మాత్రం నేటి పిల్లలు తడబడతారు. ఆకుపచ్చ పువ్వు కోసం వెతికితే దొరకదు, అది పసుపు రంగు గంట. పచ్చ అంటే తెలుగులో ఆకు రంగే కాదు, పసుపు రంగు కూడా. పచ్చకామెర్లు, పచ్చని బంగారం అన్న మాటల్లో ఆ పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. బడి పుస్తకాల్లో రంగులకు విడివిడిగా పేర్లు స్థిరపడ్డాక పచ్చ ఆకు వైపుకు జరిగింది కానీ, గన్నేరు తన పాత పేరును వదల్లేదు. ఈ చెట్టు ఆకు, పాలు, గింజ అన్నీ విషమే కాబట్టి పిల్లలున్న ఇంట్లో పేరుతో పాటు ఆ సంగతీ తెలిసి ఉండాలి.

పారిజాతానికి ఉన్న పగడమల్లె అనే పేరు ఇంకా సూక్ష్మమైన చూపు నుంచి పుట్టింది. రాలిన పువ్వును తిరగేసి పట్టుకుంటే తెల్లటి రేకుల కింద నారింజ ఛాయ తిరిగిన ఎర్రటి కాడ కనిపిస్తుంది. ఆ కాడకే పగడం రంగు. కాడల్ని నానబెట్టి బట్టలకు రంగు వేయడమూ ఉండేది. కనకాంబరంలో కనకం అంటే బంగారం, అంబరం అంటే వస్త్రం. ఈ పువ్వుకు వాసన లేదు. మాలకట్టే అమ్మాయిలు మల్లెలకు మరువం, కనకాంబరాలు జోడించి కడతారు. వాసన మల్లె, మరువాల వంతు, రంగు దీని వంతు.

వాసనను బట్టి పెట్టిన పేర్లు రంగు పేర్లంత విరివిగా లేవు. ఉన్నవి మాత్రం గట్టివి. సంపెంగల్లో ఒకదానికి సకలఫల సంపెంగ అని పేరు. మనోరంజితం అన్నా అదే. మొగ్గలో ఆకుపచ్చగా ఉండి ఎవరి కంటా పడదు, పండి పసుపు తిరిగితే మాగిన పండ్ల బుట్ట పక్కన పెట్టినంత ఘాటు. అది ఏ పండు వాసనో తేల్చుకోలేక అన్ని పండ్లనూ పేరులో చేర్చేశారు.

తుమ్మల్లోనే ఇంకొకటి ఉంది, దానికి కస్తూరి తుమ్మ అని పేరు. దాన్నే మురికి తుమ్మ అనీ అంటారు. ఒకే చెట్టుకు ఇంత విరుద్ధమైన పేర్లెలా వచ్చాయి? పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుంటే కమ్మటి పరిమళం. ఐరోపాలో అత్తరు తీయడానికే దీన్ని పెంచారు. వేరు తవ్వితే మాత్రం దుర్గంధం. పూలు కోసినవాళ్లు ఒక పేరు పెట్టారు, గడ్డపార పట్టినవాళ్లు మరో పేరు పెట్టారు. ఊరు రెండింటినీ ఉంచుకుంది.

ఇక పేరు చూసి మోసపోయేది ఎర్రచందనం దగ్గర. శ్రీగంధంలో గంధం అంటే వాసనే, ముదిరిన చెట్టు చేవలో అది నిండుగా ఉంటుంది. శేషాచలం, వెలిగొండ కొండల్లో పెరిగే ఎర్రచందనం చేవకు ఆ సువాసన లేదు. అసలు ఈ రెండు చెట్లకూ చుట్టరికమే లేదు. ఎర్రచందనం కంది, చిక్కుడు వర్గంలోది. సానరాయి మీద నీళ్లతో అరగదీస్తే గంధంలాగే ముద్ద దిగుతుంది, రంగు మాత్రం ఎరుపు. ఆ పోలికతోనే చందనమన్నారు, ఎరుపును ముందు చేర్చి వాసన ఆశించవద్దని చెప్పకనే చెప్పారు.

ఉపయోగాన్ని బట్టి వచ్చిన పేర్లు వెతికితే కాస్త నిరాశే. కుంకుడు, వేప, చింత లాంటి పాత పేర్లను విప్పితే లోపల తలంటూ లేదు, మందూ లేదు, పులుసూ లేదు. గోరింటలో మాత్రం గోరు తేటతెల్లంగా వినిపిస్తుంది. పూలదండల కోసం పెంచే ముళ్లగోరింట ఆ పేరును అరువు తెచ్చుకుంది గానీ, దాని ఆకు ఎంత నూరినా గోరు పండదు.

పని పేరు పుట్టడం కళ్లారా చూడాలంటే తునికి చెట్టును చూడాలి. దాని ఆకులో పొగాకు చుట్టి బీడీలు చేయడం మొదలయ్యాక అది చాలా ఊళ్లలో బీడీ ఆకు చెట్టయింది. వేసవిలో అడవికి వెళ్లే కూలీలు కొన్నిచోట్ల తునికాకు అంటారు, కొన్నిచోట్ల ఉత్త ‘ఆకు’ అనేస్తారు. ఏ ఆకు అని అడిగేవాళ్లు అక్కడ ఉండరు. ఆ చెట్టు కాసే తియ్యటి పసుపు పండ్లకు మాత్రం పాత పేరే మిగిలింది, వాటిని బీడీ పండ్లని ఎవరూ అనరు.