అందని జీతం: దౌత్య కార్యాలయానికి ఒక లేఖ

ఉపాధి కోసం విదేశానికి వెళ్లిన కార్మికునికి నెలల తరబడి జీతం అందనప్పుడు అతనికి తోచే మొదటి ఆశ్రయం మన దౌత్య కార్యాలయం. సౌదీ అరేబియాలో మన రాయబార కార్యాలయం రాజధాని రియాద్‌లో ఉన్నది. జెద్దాలోని కాన్సులేటు జెద్దా, మక్కా, మదీనా మొదలైన పశ్చిమ ప్రాంతాల వ్యవహారాలు చూస్తుంది. కార్మికుల ఫిర్యాదులను స్వీకరించేది కార్మిక విభాగం. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి సౌదీకి వెళ్లినవారు అనేకులు ఉన్నందున ఆ విభాగానికి రాసే లేఖ స్వరూపాన్ని తెలుసుకోవడం మన పాఠకులకు అప్రస్తుతం కాదు.

ముందుగా ఒక విషయం స్పష్టం కావాలి. దౌత్య కార్యాలయం న్యాయస్థానం కాదు. దౌత్య సంబంధాలపై 1961లో వియన్నాలో కుదిరిన ఒప్పందం తమ పౌరుల ప్రయోజనాలను కాపాడే హక్కును రాయబార కార్యాలయాలకు ఇచ్చింది. ఆతిథ్య దేశపు చట్టాలను గౌరవించాలనీ, దాని ఆంతరంగిక వ్యవహారాలలో జోక్యం చేసుకోరాదనీ ఆ ఒప్పందమే నిర్దేశించింది. అందుచేత మన అధికారి యజమానితో మాట్లాడగలడు, స్థానిక కార్మిక శాఖకు రాయగలడు, కార్మికునికి దారి చూపగలడు. జీతం ఇమ్మని ఉత్తర్వు మాత్రం వేయలేడు. 2009లో ఏర్పడిన భారతీయ సంక్షేమ నిధి నుండి ఆపదలో ఉన్నవారికి తాత్కాలిక వసతి, తిరుగు ప్రయాణపు టికెట్టు, కొన్ని సందర్భాలలో న్యాయ సహాయం లభించవచ్చు. యజమాని ఎగవేసిన జీతాన్ని చెల్లించడానికి ఏర్పడిన నిధి కాదది.

ఈ పరిమితి తెలిసినవానికి లేఖ ఎలా ఉండాలో కూడా తెలుస్తుంది. ఇంట్లో పిల్లలు పస్తులున్నారు, అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నారు అని రాయడం సహజమే, అది అబద్ధమూ కాదు. కాని ఆ లేఖ చేతపట్టుకొని అధికారి యజమానిని అడగగల ప్రశ్న ఒక్కటీ ఉండదు. ఎవరు, ఎవరికి, ఏ నెల నుండి ఏ నెల వరకు, ఎంత బాకీ ఉన్నారో తేలితేనే ఆయన ఫోను ఎత్తగలడు. ఉదాహరణకు ఒక కల్పిత లేఖను చూద్దాం. రాసినవాడు భవన నిర్మాణంలో చెక్క పని చేసే షట్టరింగు కార్పెంటరు.

“కార్మిక విభాగం అధికారి గారికి, నమస్కారములు.

నేను జగిత్యాల జిల్లావాడను. నా పాస్‌పోర్టు సంఖ్య, ఇఖామా సంఖ్య, కంపెనీ పేరు, దాని వాణిజ్య నమోదు సంఖ్య, కంపెనీ తరపున మాట్లాడే మందూబ్ ఫోను నంబరు పైన రాశాను. 2021 మార్చి 1 నుండి 2025 ఫిబ్రవరి 28 వరకు రియాద్‌లో ఈ కంపెనీలో పనిచేశాను. ఒప్పందం ప్రకారం నెలకు 1,200 రియాళ్ల జీతం, 200 రియాళ్ల భోజన భత్యం. 2024 సెప్టెంబరు వరకు జీతం బ్యాంకులో పడింది. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు ఐదు నెలలు పడలేదు. డిసెంబరు 20న ఖర్చులకని 500 రియాళ్లు చేతికిచ్చారు.

ఒప్పందం గడువు ఫిబ్రవరి 28తో ముగిసింది. దానిని పొడిగించబోమని కంపెనీవారు చెప్పారు. మార్చి 10న రాజీనామా పత్రం మీద, బాకీ ఏమీ లేదన్న అరబ్బీ కాగితం మీద సంతకం చేస్తేనే ఖురూజ్ కొట్టిస్తామన్నారు. నేను సంతకం చేయలేదు. నేటికీ కంపెనీ క్యాంపులోనే ఉన్నాను. నా ఇఖామా గడువు ఏప్రిల్ 15న తీరుతుంది.

జీతం బాకీ 6,500 రియాళ్లు, సర్వీసు ముగింపు సొమ్ము 2,800 రియాళ్లు, మొత్తం 9,300 రియాళ్లు, తిరుగు టికెట్టు ఇప్పించి నన్ను స్వదేశానికి పంపించవలసినదిగా ప్రార్థన. ఒప్పందం, బ్యాంకు లెక్క, ఇఖామా నకళ్లు జతపరిచాను. 2025 మార్చి 20.”

లేఖ చిన్నదే అయినా ప్రతి వాక్యానికీ ఒక పని ఉన్నది. ముందు లెక్క చూద్దాం. నెలకు 1,400 చొప్పున ఐదు నెలలకు 7,000 రియాళ్లు. చేతికి ముట్టిన 500 తీసివేస్తే 6,500. ఆ 500 మాటను దాచిపెట్టి 7,000 అడిగితే యజమాని మొదట బయటపెట్టేది ఆ రసీదునే. అప్పుడు మిగిలిన లెక్కను కూడా ఎవరూ నమ్మరు.

2,800 రియాళ్లు సౌదీ కార్మిక చట్టం ప్రకారం వచ్చే సర్వీసు ముగింపు సొమ్ము. 2005 నాటి ఆ చట్టంలోని 84వ నిబంధన మొదటి ఐదు సంవత్సరాల సర్వీసుకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున ఇమ్మంటుంది. నాలుగేళ్లకు రెండు నెలల జీతం. చాలామంది కార్మికులు రాని జీతాన్ని మాత్రమే అడిగి దీనిని మరచిపోతారు.

రాజీనామా కాగితం మర్మం ఇక్కడే ఉన్నది. ఒప్పందం గడువు తీరి ఉద్యోగం ముగిస్తే ఈ సొమ్ము పూర్తిగా రావాలి. కార్మికుడు తనంతట తాను రాజీనామా చేస్తే, రెండేళ్లకు పైగా ఐదేళ్ల లోపు సర్వీసు ఉన్నవానికి మూడో వంతే వస్తుంది. అంటే ఒక్క సంతకంతో 2,800 కాస్తా సుమారు 933కు దిగిపోతుంది. జీతం ఇవ్వని యజమానిని ఒప్పందం మధ్యలో విడిచిపెట్టవలసి వచ్చినవాడు సైతం ‘రాజీనామా చేస్తున్నాను’ అని రాయకూడదు. యజమాని తన బాధ్యత నెరవేర్చనందున చట్టంలోని 81వ నిబంధన కింద పని మానుతున్నాను అని రాయాలి. అప్పుడు అతని హక్కులు తగ్గవు.

బాకీ లేదన్న కాగితం ఇంకా ప్రమాదకరం. ఒప్పందం అమలులో ఉన్న కాలంలో కార్మికుడు తన హక్కులను వదులుకుంటూ రాసి ఇచ్చిన పత్రం చెల్లదని చట్టమే చెప్పింది. కాని మన కార్పెంటరు ఒప్పందం ముగిసిపోయింది. ఇప్పుడు అతడు చేసే సంతకానికి ఆ రక్షణ ఉన్నదని ధీమాగా చెప్పలేము. ఖురూజ్ అంటే దేశం విడిచి వెళ్లే తుది అనుమతి. ఇంటికి పోవాలన్న ఆత్రమే యజమాని చేతిలోని ఆయుధమవుతుంది.

క్యాంపులోనే ఉన్నానన్న వాక్యం కూడా ఊరకే రాసినది కాదు. పనివాడు చెప్పకుండా పోయాడని యజమాని అధికారులకు నమోదు చేయిస్తే దానిని హురూబ్ అంటారు. ఆ ముద్ర పడినవాని నివాసపు హక్కుకే ముప్పు వస్తుంది. మనవాళ్ల నోట ‘ఖల్లివెల్లి’ అని వినిపించే వర్గంలో, అనగా పత్రాలు లేక దాగి బతికే వారిలో, అతడు చేరిపోతాడు. జీతం అడిగినవాని మీద కక్షతో ఈ ఫిర్యాదు పెట్టిన ఉదంతాలు ఉన్నాయి. తాను ఏ తేదీన ఎక్కడ ఉన్నదీ ముందే రాసి పెట్టినవానికి ఆ ఆరోపణను తిప్పికొట్టడానికి ఒక ఆధారం మిగులుతుంది. ఇఖామా గడువు తేదీని తెలపడం కూడా ఇందుకే. దానిని పునరుద్ధరించే ఖర్చు యజమానిదే అయినా, గడువు తీరిన కార్డుతో వీధిలో పట్టుబడేది కార్మికుడు.

సాక్ష్యాలలో బ్యాంకు లెక్కను మించినది లేదు. జీతాలను బ్యాంకుల ద్వారా చెల్లించి ఆ వివరాలు ప్రభుత్వానికి పంపే విధానాన్ని సౌదీ ప్రభుత్వం 2013 నుండి దశలవారీగా అమలు చేసింది. జమ కాని నెలలు ఆ లెక్కలో ఖాళీగా కనబడతాయి. కొందరు యజమానులు దీనికీ ఒక ఉపాయం కనిపెట్టారు. కార్మికుల ఏటీఎం కార్డులను తమ వద్దే ఉంచుకొని, జీతం జమ చేసిన మరునాడే ఆ సొమ్మును తామే తీసుకుంటారు. లెక్కలో జీతం పడినట్టే ఉంటుంది. ఒకే రోజున, ఒకే యంత్రం నుండి పలువురి ఖాతాలు ఖాళీ అయితే మోసం పట్టుబడుతుంది. అందుచేత ఇటువంటి చోట ఒక్కడు కాక క్యాంపులోని వారంతా తమ లెక్కలు జతపరచి కలిసి రాయడం మేలు.

ఇక ఒప్పందం. ఇక్కడ చూపిన ఒప్పందం ఒకటి, అక్కడ దిగిన తరువాత సంతకం పెట్టించిన అరబ్బీ ఒప్పందం మరొకటి కావడం పాత రోగమే. వివాదం వచ్చినప్పుడు అక్కడ అరబ్బీ పాఠానికే విలువ. కనుక రెంటి నకళ్లూ పంపాలి. రెంటికీ తేడా ఉంటే మన దేశంలో పంపిన ఏజెంటును ప్రశ్నించే మార్గం వేరుగా ఉన్నది. 1983 నాటి వలస చట్టం కింద నమోదైన ఏజెంటు అయితే హైదరాబాదులోని వలసదారుల సంరక్షణాధికారికి లేఖ ప్రతిని పంపవచ్చు. ఊళ్లో తెలిసినవాని మాట మీద విజిట్ వీసాతో వెళ్లినవానికి ఈ రెండో తలుపు దాదాపు మూసుకుపోయినట్టే. అక్కడ రాతపూర్వక ఒప్పందమే లేనివాడు మాత్రం నిరాశ చెందనక్కరలేదు. ఒప్పందం కాగితం మీద లేనప్పుడు దానిని ఏ విధమైన ఆధారంతోనైనా రుజువు చేసుకొనే హక్కును సౌదీ చట్టం కార్మికునికి ఇచ్చింది. ఇంటి పనివారికి, యజమాని సొంత గొర్రెలను, ఒంటెలను కాసేవారికి మాత్రం ఈ కార్మిక చట్టం వర్తించదు. వారి గొడవలు వేరే నియమాల కింద నడుస్తాయి. అందుకే పని ఏదో లేఖలోనే స్పష్టంగా చెప్పాలి.

లేఖ చేరిన తరువాత కార్మిక విభాగం సాధారణంగా కంపెనీ మందూబ్‌తో మాట్లాడుతుంది. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన ‘మదద్’ వెబ్‌సైటు ద్వారా కుటుంబసభ్యులు స్వదేశం నుండే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కంపెనీ దిగివస్తే సరే. రాకపోతే కార్మికుడు స్వయంగా అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు దాఖలు చేయాలి. ముందు రాజీ యత్నం జరుగుతుంది. అది ఫలించకపోతే వ్యవహారం కార్మిక న్యాయస్థానానికి వెళుతుంది. 2018 వరకు ఈ వివాదాలను కార్మిక శాఖ సంఘాలు తీర్చేవి. ఆ సంవత్సరం నుండి అవి న్యాయశాఖ కింది కోర్టులకు మారాయి.

ఎక్కువ మంది జారిపడే మెట్టు ఇక్కడే ఉన్నది. ఉద్యోగం ముగిసిన నాటి నుండి 12 నెలలు దాటితే దావాను స్వీకరించరు. రాయబార కార్యాలయానికి రాసిన లేఖ ఆ గడువును ఆపదు. మన కార్పెంటరు మార్చి 20న రాసి, జవాబు కోసం ఏడాది ఎదురుచూస్తే, 2026 ఫిబ్రవరి ముగిసే నాటికి అతని 9,300 రియాళ్లకు చట్టం ముందు దిక్కు లేకుండా పోతుంది. కాబట్టి లేఖ పంపిన తరువాత కొద్ది వారాలలో ఫలితం కనబడకపోతే దావాకు సిద్ధపడడమే వివేకం.

దావా వేసి, తీర్పు రాకముందే ఇంటికి వెళ్లవలసి వస్తే? 2016లో ఈ ప్రశ్న వేలమందికి ఎదురైంది. చమురు ధరలు పడిపోయి నిర్మాణ రంగం కుంటుపడగా భారతీయ కార్మికులు జీతాలు లేక క్యాంపులలో చిక్కుకున్నారు. ఆగస్టులో మన విదేశాంగ శాఖ సహాయమంత్రి అక్కడికి వెళ్లారు. యజమాని అనుమతి లేకుండానే తిరిగి వెళ్లడానికి సౌదీ ప్రభుత్వం అంగీకరించింది. బయలుదేరే ముందు తమ బాకీలను నమోదు చేయించుకొమ్మని కార్మికులకు సూచించారు. 2020లో కరోనా వ్యాధి కాలంలో హడావుడిగా విమానమెక్కిన పలువురికి ఆ వ్యవధి కూడా చిక్కలేదు.

వెళ్లేవాడు తన తరపున దావా నడిపే అధికారాన్ని నమ్మకస్తునికి వకాలా రూపంలో అక్కడ ఉండగానే ఇవ్వడం తేలిక. స్వదేశం నుండి పంపాలంటే నోటరీ, ప్రభుత్వ ధ్రువీకరణ, అరబ్బీ అనువాదం అన్నీ కావాలి. ఇఖామా గడువు తీరితే అక్కడి బ్యాంకు ఖాతా కూడా స్తంభించిపోతుంది. తీర్పు గెలిచినా సొమ్ము చేరే చోటు ఉండాలి గనుక, మన కార్పెంటరు లేఖలో లేని ఒక వివరాన్ని వకాలాలోను, దావా పత్రాలలోను తప్పక చేర్చాలి. అది జగిత్యాలలోని తన సొంత బ్యాంకు ఖాతా సంఖ్య.