తడుల కాలంలో అధిక భారం: ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ ఆయుష్షు నష్టాన్ని అంచనా వేసే విధానం

వంశధార తీరాన ఉన్న శ్రీముఖలింగం వంటి గ్రామాలలో వేసవికి చేరువైన రబీ పైర్లకు మోటార్లతో తడులు ఇచ్చేటప్పుడు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి నడవడం సహజం. ఆ రోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోకపోతే నష్టమేమీ లేదని భావించడం పొరపాటు. వైండింగ్ తీగలకు చుట్టిన కాగితం ప్రతి అధిక భారంతోనూ కొంత బలాన్ని కోల్పోతుంది. నూనె మార్చినా ఆ బలం తిరిగి రాదు.

వైండింగ్‌లో అత్యధికంగా వేడెక్కే చోటును హాట్‌స్పాట్ అంటారు. ఇది సాధారణంగా వైండింగ్ పైభాగాన ఉంటుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో దీనిని నేరుగా కొలిచే సాధనం ఉండదు గనుక లెక్కతో అంచనా వేయాలి. ఐ.ఇ.సి. 60076-7 మార్గదర్శి ప్రకారం, భారం స్థిరంగా ఉన్నప్పటి సూత్రం ఇది:

```
θh = θa + Δθo × [(1 + R·K²)/(1 + R)]^0.8 + g × K^1.6
V  = 2^((θh − 98)/6)
```

ఇందులో θa పరిసర ఉష్ణోగ్రత. Δθo పూర్తి భారం వద్ద పై నూనె ఉష్ణోగ్రతలో పెరుగుదల. g అదే భారం వద్ద నూనెకూ హాట్‌స్పాట్‌కూ మధ్య తేడా. R భార నష్టానికీ ఖాళీ నష్టానికీ గల నిష్పత్తి. K వాస్తవ భారానికీ నిర్ధారిత భారానికీ గల నిష్పత్తి. V కాగితం క్షీణించే వేగం. సాధారణ కాగితానికి 98 డిగ్రీల సెల్సియస్ వద్ద V విలువ 1. ఆపై ప్రతి 6 డిగ్రీలకు ఆ వేగం రెట్టింపవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్‌పై ఆరు 5 హెచ్.పి. మోటార్లు ఉన్నాయనుకుందాం. మోటారు సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే ఒక్కొక్కటి సుమారు 5.8 కె.వి.ఎ. తీసుకుంటుంది. ఆరింటికి 35 కె.వి.ఎ., అంటే K = 1.4. పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, Δθo 40, g 15, R 6 అనుకుంటే, నూనె పెరుగుదల 64.7, నూనె నుండి హాట్‌స్పాట్‌కు తేడా 25.7 డిగ్రీలు వస్తాయి. మొత్తం 125.4 డిగ్రీలు. ఆ స్థితిలో ఒక గంట నడక దాదాపు 24 గంటల ఆయుష్షును హరిస్తుంది.

అయితే నూనె వెంటనే వేడెక్కదు. దాని కాలస్థిరాంకం సుమారు 3 గంటలు. రాత్రంతా ఖాళీగా ఉండి చల్లబడిన ట్రాన్స్‌ఫార్మర్‌పై 9 గంటల పగటి సరఫరాను గంటగంటకూ లెక్కిస్తే, మొదటి నాలుగు గంటలలో 5 గంటల ఆయుష్షు మాత్రమే ఖర్చవుతుంది. చివరి ఐదు గంటలలో 55 గంటలు పోతాయి. వెరసి రోజుకు 60 గంటలు. అందువలన కొద్దిసేపటి అధిక భారాన్ని ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకుంటుంది, ఎడతెగని అధిక భారాన్ని ఓర్చుకోలేదు. ఇటువంటి రోజులు 60 వస్తే 3,600 గంటలు, అంటే 150 రోజుల ఆయుష్షు ఖర్చవుతుంది.

ఇప్పుడు ప్రతి మోటారుకూ 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ అమర్చి పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు పెంచితే, ఆరు మోటార్ల భారం 29.4 కె.వి.ఎ.కు తగ్గుతుంది. K = 1.18. తొమ్మిదో గంటలో కూడా హాట్‌స్పాట్ 103 డిగ్రీలను దాటదు. రోజుకు ఖర్చయ్యే ఆయుష్షు సుమారు 7 గంటలు. నీటి పరిమాణం తగ్గలేదు, మోటార్ల సంఖ్య తగ్గలేదు, క్షీణత మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోయింది. భారం ఆరో వంతు తగ్గినందుకే ఇంత ఫలితం రావడానికి కారణం, ఉష్ణోగ్రతతో క్షీణత రెట్టింపులుగా పెరగడమే. వంతులవారీగా నాలుగేసి మోటార్లు నడిపితే క్షీణత ఇంకా తగ్గుతుంది గానీ, 9 గంటలలో అందే నీరు మూడింట రెండు వంతులే అవుతుంది.

ఈ అంచనాకు పరిమితులున్నాయి. ఆరుగడుల సూత్రంగా చెప్పదగిన రెట్టింపు నియమం సుమారు 80 నుండి 140 డిగ్రీల మధ్యనే వర్తిస్తుంది. 140 డిగ్రీల పైన కాగితంలోని తేమ బుడగలుగా మారి, ఆయుష్షు లెక్కతో నిమిత్తం లేకుండానే ఇన్సులేషన్ విఫలం కావచ్చు. తేమ చేరిన కాగితం లెక్క చూపినదానికంటే వేగంగా క్షీణిస్తుంది. బ్రీదర్‌లోని నీలి సిలికా జెల్ గులాబీ రంగుకు మారడం, నూనె మట్టం తగ్గడం దీనికి హెచ్చరికలు. మూడు ఫేజులలో భారం సమానంగా లేకపోతే ఎక్కువ కరెంటు ఉన్న ఫేజుతోనే K లెక్కించాలి.

క్షేత్రంలో K తెలుసుకోవడానికి టాంగ్ టెస్టర్ చాలు. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్‌కు 433 వోల్టుల వైపు నిర్ధారిత కరెంటు 33.3 ఆంపియర్లు. విద్యుత్ సిబ్బంది కొలిచిన ఫేజు కరెంటు 46.7 ఆంపియర్లయితే K విలువ 1.4. ఆ కొలతను ఉదయం మోటార్లు వేసినప్పుడు ఒకసారి, సరఫరా ముగిసే ముందు మరొకసారి తీసుకోవాలి. వోల్టేజి పడిపోయినప్పుడు మోటార్లు అదే పనికి మరింత కరెంటు లాగుతాయి గనుక, మోటార్ల హెచ్.పి. కూడి వేసిన లెక్క కంటే ఈ కొలతే నమ్మదగినది.