బరువు ధోరణిని చదవడం – కేలరీల లక్ష్యాన్ని సవరించడం

ఒక వ్యక్తికి రోజుకు ఎన్ని కేలరీలు కావాలో అంచనా వేయడం, బరువు తగ్గాలనుకునేవారికి అందులో కొంత లోటు ఏర్పరచడం మీకు తెలుసు. ఆ వచ్చిన అంకె అంచనా మాత్రమే. అది ఆ వ్యక్తికి సరిపోయిందా లేదా అన్నది చివరికి అతని శరీర బరువే చెప్పాలి. అయితే బరువు ఆ సంగతిని ఒక్క రోజులో చెప్పదు. అది చెప్పేదాకా ఎంతకాలం ఆగాలి, చెప్పినదాన్ని ఎలా చదవాలి అన్న విషయాలను ఈ భాగంలో తెలుసుకుందాం.

ఒక్క రోజు రీడింగు ఎందుకు చాలదు?

ఒక కిలో శరీర బరువు తగ్గడానికి సుమారు 7700 కేలరీల లోటు కావాలని లెక్క. మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే వైద్యుడు 1958లో ఒక పౌండుకు 3500 కేలరీలని ఇచ్చిన లెక్కకు ఇది దగ్గరి రూపం. రోజుకు 300 కేలరీల లోటుతో తింటున్న వ్యక్తి ఒక్క రోజులో ఎంత తగ్గుతాడు? 300ను 7700తో భాగిస్తే 0.039 కిలో, అంటే దాదాపు 40 గ్రాములు. ఇళ్ళలో వాడే తూకం యంత్రాలు చాలావరకు 100 గ్రాముల తేడానే చూపుతాయి. అంటే నిన్నటికీ ఈ రోజుకూ నిజంగా జరిగిన మార్పు యంత్రం చూపగలిగే అతి చిన్న తేడా కంటే కూడా చిన్నది.

మరి అదే యంత్రం మీద ఒక్క రాత్రిలో అర కిలో, ఒక్కొక్కసారి కిలో తేడా ఎలా కనిపిస్తుంది? అందులో కొవ్వు పాలు చాలా తక్కువ. ఎక్కువ భాగం నీరు, పేగుల్లో ఇంకా ఉన్న ఆహారం. ఆవకాయతో, అప్పడాలతో భోజనం చేసిన మర్నాడు ఉప్పు వల్ల శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, చపాతీ వంటి పిండిపదార్థాలు కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్‌గా నిల్వ అవుతాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. అందుకే ఆహారం తగ్గించిన మొదటి వారంలో బరువు చకచకా పడిపోతుంది. ఆ వేగం చూసి సంతోషించినవారే, తర్వాత అది నెమ్మదించగానే నిరుత్సాహపడతారు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినప్పుడు కండరాల్లో నీరు చేరడం, స్త్రీలలో నెలసరికి ముందు నీరు నిలవడం కూడా ఇలాంటివే.

వారం సరాసరి

రోజూ ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినక ముందు, ఒకే రకమైన తేలిక దుస్తులతో బరువు చూడాలి. యంత్రాన్ని గట్టి నేల మీద, ఎప్పుడూ ఒకే చోట ఉంచాలి. వచ్చిన అంకెను నోటుపుస్తకంలో రాసి, దాని గురించి ఆలోచించకుండా వదిలేయాలి. ఏడు రోజుల అంకెలను కూడి 7తో భాగిస్తే వారం సరాసరి వస్తుంది. రెండు రోజులు తప్పిపోతే ఉన్న ఐదింటి సరాసరి తీసుకోవచ్చు. ఒకటి రెండు రీడింగులే ఉంటే మాత్రం ఆ వారాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

ఒక ఉదాహరణ

38 సంవత్సరాల ఒక ఉద్యోగిని రోజుకు 1500 కేలరీల లక్ష్యం పెట్టుకుంది. వారానికి 0.4 కిలో తగ్గాలని ఆమె ఆలోచన. అంటే రోజుకు 440 కేలరీల లోటు ఉండాలి. ఆహారం మార్చిన మొదటి రెండు వారాలను ఆమె లెక్క నుంచి తీసేసింది. ఆ తర్వాతి మొదటి వారంలో సోమవారం నుంచి ఆదివారం వరకు వచ్చిన రీడింగులు: 72.3, 72.1, 72.2, 71.9, 71.8, 71.9, 72.5. శనివారం రాత్రి పెళ్ళి భోజనం చేయడంతో ఆదివారం 600 గ్రాములు పెరిగినట్టు కనిపించింది. ఏడింటి మొత్తం 504.7, సరాసరి 72.1. ఐదు వారాల సరాసరులు ఇవి:

| వారం | సరాసరి (కిలోలు) |
|---|---|
| 1 | 72.1 |
| 2 | 71.8 |
| 3 | 71.9 |
| 4 | 71.3 |
| 5 | 71.0 |

మూడో వారం బుధవారం యంత్రం 72.4 చూపింది. మొదటి సోమవారం 72.3 కదా! పదహారు రోజులు కడుపు కట్టుకున్నా బరువు పెరిగిందని ఆమెకు అనిపించింది. రాత్రి భోజనం మానేయాలని కూడా అనుకుంది. రోజు రీడింగులను పక్కనబెట్టి సరాసరులే చూసినా, ఆ వారంతో ఆపితే పొరపాటే వచ్చేది. రెండు వారాల్లో తగ్గింది 0.2 కిలో, అంటే రోజుకు 110 కేలరీల లోటే. అనుకున్న 440కి ఇంకా 330 తక్కువ. ఆ లెక్కన లక్ష్యాన్ని 1170కి దించాలి. అంత తక్కువ ఆహారంలో మాంసకృత్తులు, ఇనుము, కాల్షియం సరిపడా అందడం కష్టం. నీరసం, ఆపుకోలేని ఆకలి కూడా వస్తాయి.

నిజానికి మూడో వారం ఆమెకు నెలసరికి ముందు వారం. అందువల్ల ఆమె విషయంలో సరైన పోలిక మొదటి వారానికీ ఐదో వారానికీ మధ్య. రెండూ నెలసరి చక్రంలో ఒకే దశలో ఉన్న వారాలు. 28 రోజుల్లో తగ్గింది 1.1 కిలో. 1.1ని 7700తో గుణించి 28తో భాగిస్తే సుమారు 300. అంటే ఆమె రోజుకు 300 కేలరీల లోటులో ఉంది. అనుకున్నదానికి తేడా 330 కాదు, 140 మాత్రమే.

తేడాను ఎలా సరిదిద్దాలి?

లక్ష్యాన్ని దించే ముందు రాసుకున్న లెక్క సరైనదేనా అని చూడాలి. మన వంటిళ్ళలో ఎక్కువగా తప్పిపోయేది నూనె. ఈమె మూడు రోజులపాటు పోపులో, కూరలో వేసే నూనెను తూచి చూస్తే, తన వాటాకు రోజుకు 15 గ్రాములు ఎక్కువగా పడుతున్నట్టు తేలింది. గ్రాము నూనెకు 9 కేలరీల చొప్పున అది 135 కేలరీలు. అంటే కాగితం మీద 1500 అని ఉన్నా, కడుపులోకి పోయింది 1635. ఇక్కడ లక్ష్యాన్ని మార్చనక్కర్లేదు, నూనెను కొలిచి వాడితే చాలు.

నూనెను తూచే ఓపిక లేనివారు ఏం చేయాలి? పాత పద్ధతిలోనే రాసుకుంటూ లక్ష్యాన్ని 1360కి తగ్గించుకున్నా ఫలితం దాదాపు ఒకటే. రాసే పద్ధతిలో తప్పు రోజూ ఒకేలా ఉన్నంతకాలం బరువు ధోరణి ఆ తప్పును కూడా కలుపుకొనే చెబుతుంది. ఒక వారం జాగ్రత్తగా, ఇంకో వారం ఉజ్జాయింపుగా రాస్తే మాత్రం ధోరణి దేని గురించి చెబుతోందో తెలియదు.

ఒకసారి మార్పు చేశాక కనీసం మూడు వారాలు, నెలసరి వచ్చే స్త్రీలైతే ఒక పూర్తి చక్రం ఆగాలి. ఈలోగా ఇంకో మార్పు చేయకూడదు. మార్పు కూడా ఒకసారికి 100 నుంచి 150 కేలరీలకు మించకపోతే మంచిది. ఎందుకంటే 7700 అన్నది కూడా ఉజ్జాయింపే. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి, ఈ రోజు 440 లోటు ఇచ్చిన ఆహారం ఆరు నెలల తర్వాత అంత లోటు ఇవ్వదు. విరేచనాల వల్లనో ఏకాదశి ఉపవాసం వల్లనో ఒక్కసారిగా కిలో తగ్గినప్పుడు లక్ష్యాన్ని పెంచడం కూడా అంతే తొందరపాటు.

ఈ పద్ధతి వర్తించనివారు

గుండె వైఫల్యం ఉన్న రోగికి రోజువారీ రీడింగే ముఖ్యం. అక్కడ మనం వెతికేదే నీరు. ఒక్క రోజులో కిలో, కిలోన్నర పెరిగినా, వారంలో రెండు కిలోలు దాటినా సరాసరి కోసం ఆగకుండా వైద్యుణ్ణి సంప్రదించాలి. గర్భిణులు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, ఇన్సులిన్ గాని చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారు కేలరీల లక్ష్యాన్ని సొంతంగా మార్చుకోకూడదు. తూకం అంకె చూస్తేనే ఆందోళనపడి భోజనం మానేసేవారికి రోజూ బరువు చూడమని చెప్పకూడదు.

అభ్యాసం: ఒక పురుషుడి ఐదు వారాల సరాసరులు 84.0, 83.7, 83.8, 82.9, 82.4. అతను వారానికి 0.4 కిలో తగ్గాలనుకున్నాడు. మూడో వారం చివర లక్ష్యాన్ని మార్చి ఉంటే ఎంత మార్చేవాడు? ఐదో వారం చివర అసలు మార్చాల్సిన అవసరం ఉందా? లెక్క చేసి చూడండి.