మడమ నొప్పికి ఏ ఇన్‌సోల్?

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో కలుక్కుమంటోందా? చాలామందిలో అది అరికాలి పట్టీ దెబ్బతినడమే. దానికి వేలకు వేలు పోసి, కొలతలిచ్చి చేయించుకున్న ఇన్‌సోలే కావాలన్నది అపోహ. 2006లో వెలువడిన ఓ ఆస్ట్రేలియా అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి రెడీమేడ్‌వీ, చేయించినవీ దాదాపు ఒకే ఫలితమిచ్చాయి.

మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారి సంగతి వేరు. పుండు పడినా వాళ్లకు తెలియదు. పాదం ఆకారం మారినా, ముందు పుండు పడి మానినా, ఒత్తిడి ఎక్కడ పడుతోందో చూసి ప్రత్యేకంగా చేయించాల్సిందే.

చదునైన పాదమున్నా నొప్పి లేకపోతే సాధారణంగా ఏదీ అక్కర్లేదు.

రోజూ వాడే మెత్తటి రెడీమేడ్‌ ఇన్‌సోల్ ఏడాదిలోపే అణిగిపోవచ్చు. గట్టి అడుగున్న కస్టమ్‌ది కొన్నేళ్లు వస్తుంది, పైపొర మాత్రం మధ్యలో మార్చాలి. బొటనవేలితో నొక్కి చూడండి. తిరిగి పైకి లేవకపోతే మార్చేయండి.